‘తేడా తేలలేదు’ అంటే ‘తేడా లేదు’ అని కాదు: డెంటల్ ట్రయల్స్ చదవడంలో అపోహలు - వాస్తవాలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు నుంచి వెళ్లి డెంటల్ చదువుతున్న మన పిల్లలు జర్నల్ క్లబ్‌లో పేపరు చెప్పేటప్పుడు ఒకే చోట జారుతున్నారు. "పీ విలువ 0.05 దాటింది కాబట్టి రెండు మెటీరియల్సూ సమానమే" అనేస్తారు. అదే మాట రేపు రెప్ నోట వినబడుతుంది. ఎల్లుండి స్కూలు క్యాంపులో ఏ ఫిల్లింగ్ పెట్టాలో అదే నిర్ణయిస్తుంది. అందుకే ఈ ఒక్క అపోహ మీదే ఎక్కువ సేపు కూర్చుందాం.

అపోహ: పీ 0.05 కన్నా ఎక్కువ వస్తే రెండు చికిత్సలూ ఒకటే

కాదు. ఆ ట్రయల్ తేల్చలేకపోయింది, అంతే. లెక్క కోసం ఒక ట్రయల్ ఊహించుకోండి. పాల దవడ పళ్లలో రెండు ముఖాల పుచ్చుకి ఒక గ్రూపులో కాంపోజిట్, ఇంకో గ్రూపులో గ్లాస్ అయనోమర్ పెట్టారు. పిల్లకి ఒకే పన్ను. ఏడాది తర్వాత గ్రూపుకి 40 మందిని చూశారు. కాంపోజిట్ 6 చోట్ల ఫెయిలైంది, గ్లాస్ అయనోమర్ 10 చోట్ల. అంటే 15 శాతం, 25 శాతం. పీ విలువ సుమారు 0.26. రచయితలు "చెప్పుకోదగ్గ తేడా లేదు, చవకది వాడుకోవచ్చు" అని రాసేశారు.

ఇప్పుడు పీ విలువని పక్కన పెట్టి కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ కట్టండి. లెక్కలంటే భయపడేవాళ్లు చాలామందే ఉన్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ దీనికి ఫోనులోని క్యాలిక్యులేటర్ చాలు:

```
SE = √(0.15×0.85/40 + 0.25×0.75/40) = 0.089
0.10 ± 1.96×0.089  →  −0.07 నుంచి 0.27
```

ఈ రెండు అంకెలనీ మామూలు మాటల్లో చదవండి. గ్లాస్ అయనోమర్ ఫెయిల్యూర్ కాంపోజిట్ కన్నా 7 శాతం పాయింట్లు తక్కువ కావచ్చు, 27 పాయింట్లు ఎక్కువా కావచ్చు. రెండూ ఈ డేటాకి సరిపడే మాటలే. వంద మంది పిల్లల్లో 27 మందికి అదనంగా ఫిల్లింగ్ ఊడే అవకాశాన్ని కొట్టిపారేయలేని ట్రయల్ ‘సమానం’ అని ఎలా అంటుంది?

ఇలా ఎందుకయిందో శాంపిల్ సైజ్ చెబుతుంది. నిజంగానే 15, 25 శాతాల తేడా ఉందనుకుందాం. దాన్ని 80 శాతం పవర్‌తో పట్టుకోవాలంటే గ్రూపుకి సుమారు 250 మంది కావాలి. 40 మందితో ఆ పవర్ 20 శాతం దగ్గరే ఆగిపోతుంది. అంటే ఉన్న తేడాని అలాంటి ట్రయల్ అయిదింట నాలుగు సార్లు చూడలేదు. చిల్లుల వల వేసి చెరువులో చేపల్లేవన్నట్టు ఉంటుంది ఈ తీర్పు. ఆల్ట్‌మన్, బ్లాండ్ అనే ఇద్దరు స్టాటిస్టిషియన్లు 1995లోనే దీని మీద హెచ్చరించారు. అయినా మానలేదు.

‘సమానం’ అని చెప్పడానికి వేరే దారి ఉంది. ఎంత తేడా ఉన్నా ఫరవాలేదో ట్రయల్ మొదలుపెట్టకముందే రాసిపెట్టాలి. ఉదాహరణకి 10 పాయింట్లు అనుకుందాం. చివర్లో ఇంటర్వెల్ మొత్తం ఆ గీత లోపలే ఉంటేనే "చవకది అంత అధ్వానమేం కాదు" అనాలి. పై ట్రయల్లో పై కొస 27 దగ్గర ఉంది. గీత ముందుగా రాయకుండా, ఫలితం చూశాక గీసినా చెల్లదు. కాబట్టి పద్ధతుల విభాగంలో ఆ అంకె ఉందో లేదో మొదట వెతకండి.

మన వైపు ఈ ప్రశ్న పుస్తకాలకే పరిమితం కాదు. కాంపోజిట్‌కి పన్ను పొడిగా ఉండాలి, లైట్ క్యూర్ కావాలి, కరెంటు కావాలి. గ్లాస్ అయనోమర్ చేతి పనిముట్లతో, బడి వరండాలో కూడా పెట్టగలం. అందుకని దాన్నే ఎంచుకోవడం సబబే కావచ్చు. అయితే "ఇక్కడ చేయగలిగింది ఇది" అని ఎంచుకోవడం వేరు, "రెండూ ఒకటేనని రుజువైంది" అని తల్లికి చెప్పడం వేరు.

అపోహ: 120 ఫిల్లింగ్‌లు ఉన్నాయి కాబట్టి శాంపిల్ పెద్దదే

ఇది డెంటల్ పేపర్లలో తరచూ కనబడే జబ్బు. అదే 40 మంది పిల్లలకి తలా మూడు పళ్లు చేసి, గ్రూపుకి 120 అని లెక్కేస్తారు. ఫెయిల్యూర్లు 18, 30 అయితే శాతాలు మారవు గానీ ఇంటర్వెల్ ఇరుకై 0 నుంచి 20 దాకా వస్తుంది. పీ విలువ సరిగ్గా 0.05 అంచున నిలబడుతుంది, అందరూ చప్పట్లు కొడతారు.

కానీ ఒకే నోటిలోని మూడు పళ్లకీ లాలాజలం ఒకటే, తిండి ఒకటే, బ్రష్ చేసే అలవాటు ఒకటే. ఒకటి ఊడిన నోట్లో రెండోదీ ఊడే అవకాశం ఎక్కువ. ఆ పోలికని 0.3 అనుకుంటే, నోటికి మూడు పళ్లు కాబట్టి శాంపిల్‌ని తగ్గించాల్సిన లెక్క 1 + (3 − 1) × 0.3 = 1.6. 120ని దీనితో భాగిస్తే 75 వస్తుంది. గ్రూపుకి ఉన్న అసలు సమాచారం అంతే. ఇంటర్వెల్ మళ్లీ −3 నుంచి 23 దాకా సాగుతుంది. పేపరులో ‘ఎన్’ పక్కన పళ్లు రాశారా, మనుషుల్ని రాశారా చూడండి. పళ్లయితే, ఒకే నోటిలో ఉన్నాయన్న సంగతిని విశ్లేషణలో లెక్కలోకి తీసుకున్నారేమో వెతకండి. లేకపోతే ఆ ఇరుకు ఇంటర్వెల్‌ని నమ్మకండి.

మిగతావి గబగబా

ఓపీ నంబరు సరి అయితే ఒక గ్రూపు, బేసి అయితే ఇంకో గ్రూపు: ఇది రాండమైజేషన్ కాదు. తర్వాతి పిల్ల ఏ గ్రూపుకి వెళ్తుందో డాక్టరుకి ముందే తెలిసిపోతుంది. లోతుగా, తడిగా ఉన్న పుచ్చు కనబడితే "ఈ పాపని రేపు రమ్మందాం" అనడానికి ఒక్క క్షణం చాలు. నంబర్లు వేసిన, లోపలిది కనబడని కవరు సీలు వేసి ఉండాలి. పిల్ల పేరు కవరు మీద రాశాకే తెరవాలి.

మెటీరియల్ రంగు చూస్తే తెలిసిపోతుంది కాబట్టి బ్లైండింగ్ కుదరలేదని ట్రయల్‌ని పారేయక్కర్లేదు. ఫిల్లింగ్ పెట్టినవాళ్లు కాక వేరేవాళ్లు, ముందే రాసుకున్న కొలతలతో చూశారా అన్నది అడగండి. ట్రయల్ మొదట్లో రెండు గ్రూపులూ ఎలా ఉన్నాయో చూపే మొదటి టేబుల్‌లోని పీ విలువల జోలికి వెళ్లకండి. సరిగా లాటరీ వేస్తే అక్కడ వచ్చే తేడాలు యాదృచ్ఛికమేనని ముందే తెలుసు.

అపోహ: రెండు వైపులా సమానంగా తప్పుకున్నారు కాబట్టి ఇబ్బంది లేదు

పై ట్రయల్లో గ్రూపుకి 46 మందితో మొదలుపెట్టి, 6గురు చొప్పున రాలేదనుకుందాం. తప్పుకున్న సంఖ్య ఒకటే. కారణం ఒకటి కాకపోవచ్చు. సంతకి వచ్చినప్పుడు పిల్లని చూపించుకున్న తల్లి, మళ్లీ సంతకి రాకపోతే ఫాలోఅప్‌కీ రాదు. ఇది ఫలితాన్ని పెద్దగా కదపదు. ఫిల్లింగ్ ఊడి, నొప్పితో ఇంకో క్లినిక్‌కి వెళ్లి పన్ను తీయించుకున్నవాళ్లు రాకపోవడం మాత్రం ఫలితాన్నే మార్చేస్తుంది.

ఎంత మార్చగలదో చూడండి. కాంపోజిట్ వైపు రాని 6గురికీ ఊడిపోయి, రెండో వైపు ఎవరికీ ఊడలేదనుకుంటే, 46లో 12 ఒక వైపు, 46లో 10 ఇంకో వైపు. 26 శాతం, 22 శాతం. ఎవరిది మెరుగన్నదే తిరగబడింది. ఇది కావాలని వేసిన విపరీతపు లెక్క, నిజంగా ఇలాగే జరిగిందని కాదు. ఆరుగురికి ఆ బలం ఉందని చూపడానికే. ఫ్లో చార్టు ఆఖరి డబ్బాలో ‘ఫాలోఅప్‌కి రానివారు 6’ అని మాత్రమే ఉంటే, ఎందుకు రాలేదో పాఠంలో వెతకండి. అక్కడా లేకపోతే, 15, 25 అంకెల్ని స్లైడ్ మీద పెట్టేటప్పుడు ఈ 26, 22 కూడా పక్కనే పెట్టండి.