1,400 కోట్ల ఏళ్లు: నల్ల ఇసుక గొడవలో రెండు వైపులా ఒకే అంకె

ఒడిశాలోని గంజాం తీరంలో నల్ల ఇసుక తవ్వకాల గొడవ మళ్లీ లేచింది. ఛత్రపురం నుంచి గోపాలపురం దాకా ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్‌తో పాటు మోనజైట్ ఉందనీ, మోనజైట్‌లో థోరియం ఉందనీ బరంపురంలో టీకొట్టు దగ్గర ఎవరిని అడిగినా చెప్తారు. కాబట్టి ఆ కథ మళ్లీ మొదలుపెట్టను. బెక్వెరెల్, క్యూరీ దంపతుల కథ కూడా ఇక్కడ అక్కర్లేదు. ఈసారి ఫోన్లలో తిరుగుతున్నది ఒకే ఒక్క అంకె. థోరియం-232 అర్ధాయువు, అంటే అందులో సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 1,400 కోట్ల ఏళ్లు.

ఒక వర్గం అంటోంది: "అంత నెమ్మదిగా తగ్గేది విడుదల చేసేదెంత? సున్నా. భయం అనవసరం." రెండో వర్గం, ఎక్కువగా చేపల వేట మీద బతికే మన తెలుగు ఊళ్లవాళ్లు, అంటున్నారు: "1,400 కోట్ల ఏళ్లు ఉండే విషాన్ని మా గుమ్మం ముందు తవ్వుతారా?" రెండు మాటలకీ అంకె ఒకటే. దాని అర్థం తెలియాలంటే 1928 వేసవికి వెళ్లాలి. నా ఉద్దేశంలో ఆ ఒక్క వేసవి అర్థమైతే ఈ గొడవలో సగం తేలిపోతుంది.

అప్పటికి ఒక చిక్కు ఏళ్ల తరబడి నలుగుతోంది. థోరియంలాగే తరిగిపోయే యురేనియం కేంద్రకం నుంచి ఆల్ఫా కణం, అంటే రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల ముద్ద, బయటికొస్తుంది. దాని శక్తి ఎంఈవీ అనే కొలతలో 4 చిల్లర. దానికి దాదాపు రెండింతల శక్తి ఉన్న ఆల్ఫా కణాలను బయట నుంచి యురేనియం మీదికి వదిలి చూశారు. అవి కేంద్రకాన్ని తాకలేదు. ధనావేశాల వికర్షణకు లొంగి పక్కకు మళ్లిపోయాయి. అంటే కేంద్రకం చుట్టూ ఉన్న గోడ కనీసం అంతకంటే ఎత్తైనది. మరి లోపలున్నది అందులో సగం శక్తితో ఆ గోడ దాటి ఎలా వస్తోంది? రూథర్‌ఫర్డ్ 1927లో ఒక సమాధానం ఇచ్చాడు. ఆల్ఫా కణం రెండు ఎలక్ట్రాన్లను వెంటేసుకుని, ఆవేశం లేనిదై గోడ దాటుతుందట. దాటాక ఆ ఎలక్ట్రాన్లు వెనక్కి పోతాయట. ఓడను రేవు దాటించి తిరిగొచ్చే చిన్న పడవల్లాగన్నమాట. ఎంత పెద్దాయన చెప్పినా అతుకుల బొంత అతుకుల బొంతే.

ఆ వ్యాసాన్ని గొట్టింగెన్ లైబ్రరీలో చదివినవాడు జార్జ్ గామోవ్. ఒడెస్సాలో పుట్టాడు, అప్పటికి 24 ఏళ్లు. కొత్తగా వచ్చిన తరంగ యాంత్రిక శాస్త్రం ప్రకారం ఆల్ఫా కణం గోళీకాయ కాదు, తరంగం. గోడ దగ్గరికి రాగానే తరంగం ఠక్కున ఆగదు. గోడలోకి చొచ్చుకుపోతూ, పోయే కొద్దీ పలచబడుతుంది. గోడ మందం మరీ ఎక్కువ కాకపోతే అవతలి అంచున దాని తోక కాస్త మిగులుతుంది. ఆ మిగిలినదే బయటపడే అవకాశం. కణం గోడ ఎక్కి దిగదు, గోడకు చిల్లూ పెట్టదు. బయటికొచ్చాక దాని శక్తి లోపల ఎంత ఉందో అంతే. దీన్నే టన్నెలింగ్ అంటున్నాం. గామోవ్ ఆగస్టులో వ్యాసం పంపాడు. అదే సమయంలో ప్రిన్స్‌టన్‌లో గర్నీ, కాండన్ ఇదే మాటను విడిగా కనిపెట్టి సెప్టెంబర్‌లో నేచర్ పత్రికలో అచ్చు వేయించారు. పేరు ఎక్కువగా గామోవ్‌కే దక్కింది. అది వేరే పంచాయితీ.

ఇక్కడ లెక్క చూడాలి. థోరియం-232 ఒక్క ఎగురులో సీసం అయిపోదు. దాని వెనక ఒక వంశం ఉంది. ఆ వంశం చివర్లో పొలోనియం-212 అనే కేంద్రకం వస్తుంది. దాని అర్ధాయువు సెకనులో కోటి భాగాలు చేస్తే అందులో మూడు భాగాలు. తాత 1,400 కోట్ల ఏళ్లు, మనవడు రెప్పపాటులో లక్షో వంతు కూడా కాదు. రెండింటి మధ్య తేడా 1 పక్కన 24 సున్నాలు. ఆల్ఫా శక్తులు చూస్తే థోరియానికి 4 ఎంఈవీ, పొలోనియానికి 8.8. రెండింతలు దాటిందంతే.

రెండింతల శక్తి ఇంత తేడా ఎలా తెచ్చింది? గోడ శిఖరం రెండింటికీ ఇంచుమించు ఒకటే, 26, 27 ఎంఈవీల దగ్గర. తేడా మందంలో ఉంది. గోడ నిటారుగా లేచి, బయటి వైపు ఏటవాలుగా దిగుతుంది. తక్కువ శక్తితో కింద ఎక్కడో తగులుకున్న కణానికి ఆ వాలంతా అడ్డమే. ఫెర్మీ అంటే కేంద్రకాలను కొలిచే అతి చిన్న పొడవు. థోరియం ఆల్ఫా సుమారు 53 ఫెర్మీల గోడ దాటాలి. పొలోనియం ఆల్ఫాకి 17 ఫెర్మీలు చాలు. దాటిన ప్రతి ఫెర్మీకీ తరంగం ఇంతలో వంతు అవుతూ పోతుంది, చక్రవడ్డీని తిరగేసినట్టు. అందుకే మూడింతల మందం మూడింతల కష్టంతో పోదు.

అంకెల్లో చెప్తాను. ఆల్ఫా కణం కేంద్రకంలో అటూ ఇటూ తిరుగుతూ సెకనుకు 1 పక్కన 21 సున్నాలన్ని సార్లు గోడను కొడుతుందనుకుందాం. ఇది అందాజు లెక్క. పొలోనియంలో గోడ దాటే అవకాశం 1 పక్కన 14 సున్నాలన్ని దెబ్బలకు ఒకసారి. అంటే సెకనుకు కోటి సార్లు దాటే వేగం. ఇక ఆలస్యమేముంది? థోరియంలో ఆ అవకాశం 1 పక్కన 39 సున్నాలన్ని దెబ్బలకు ఒకసారి. భాగించి చూస్తే 1 పక్కన 18 సున్నాలన్ని సెకన్లు పడుతుంది. ఏళ్లలోకి మారిస్తే కొన్ని వేల కోట్లు. కొలిచిన 1,400 కోట్లకు దగ్గరే. 24 సున్నాల తేడాలో రెండు మూడింతలు తప్పడం తప్పే కాదు.

నిజానికి ఈ సంబంధం గామోవ్ కంటే ముందే కనిపించింది. 1911లో మాంచెస్టర్‌లో గైగర్, నట్టల్ కొలతలు గ్రాఫ్ మీద పెట్టి, ఆల్ఫా ఎంత దూరం పోతే అర్ధాయువు అంత తక్కువని చూపించారు. ఎందుకో వాళ్లకు తెలియదు. 17 ఏళ్ల తర్వాత ఆ గీతకు కారణం దొరికింది.

అయితే ఈ సిద్ధాంతానికి పరిధి ఉంది. యురేనియం-235 ఆల్ఫాకి దొరకగల గరిష్ఠ శక్తి యురేనియం-236లో కంటే కొంచెం ఎక్కువే. గోడ లెక్కన 235 ముందు పోవాలి. కానీ 236 అర్ధాయువు 2.34 కోట్ల ఏళ్లు, 235ది 70 కోట్లు. 235లో జత లేని ఒక న్యూట్రాన్ ఉంది. ఆల్ఫా బయటికి రావాలంటే ముందు లోపల రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు ఒక ముద్దగా కూడాలి. ఆ ఒంటరి న్యూట్రాన్ ఈ పొందికను చెడగొడుతుంది. గోడ మందం ఒక్కటే అంతా చెప్పదు. అలాగే థోరియం వంశంలో ఆల్ఫా బదులు ఎలక్ట్రాన్‌ను వదిలే బీటా క్షయం జరిగే సభ్యులకు ఈ గోడ లెక్క అసలు వర్తించదు.

ఇప్పుడు ఛత్రపురం ఇసుకకు వద్దాం. అరచేతిలో ఒక మోనజైట్ రేణువు పెట్టుకున్నామనుకోండి. మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది, తేనె రంగులో. అందులో బరువు లెక్కన 8 శాతం థోరియం అనుకుంటే దాదాపు 44 కోట్ల కోట్ల థోరియం పరమాణువులు ఉంటాయి. ఒక్కోదాని అర్ధాయువు 1,400 కోట్ల ఏళ్లే. అయినా రెండు మూడు నిమిషాలకోసారి అన్నిట్లో ఏదో ఒకటి పోతూనే ఉంటుంది. ఏది పోతుందో చెప్పలేం. కేంద్రకానికి వయసంటూ లేదు. నిన్న పుట్టిందీ భూమి పుట్టకముందు నుంచి ఉన్నదీ ఒకేలా గోడను కొడుతుంటాయి. అదే ఒక గ్రాము శుద్ధ థోరియమైతే సెకనుకు సుమారు 4,000 కేంద్రకాలు ఆల్ఫాను వదులుతాయి. ఇది "సున్నా" కాదు, "1,400 కోట్ల ఏళ్ల విషం" అన్నంత భారీ మోతాదూ కాదు. ఎక్కువ కాలం ఉండేది మెల్లగానే విడుదల చేస్తుంది. ఆ మేరకు మొదటి వర్గం మాట నిజం.

వాళ్లు వదిలేసేది ఏమిటో పోయిన వారం మా వీధి చివర చేపలమ్మే ఒకామె నన్ను అడిగింది: "బాబూ, ముసలిది సరే. దాని పిల్లల మాటేంటి?" ఆమెకు ఎవరో బడిపిల్లాడు వంశవృక్షం గీసి చూపించాడట. మొత్తం వ్యవహారంలో సరైన ప్రశ్న అదే. కదపని రేణువులో థోరియం ఒకటి పోయిన ప్రతిసారీ, సగటున వంశంలో తర్వాతివన్నీ ఒక్కోటి పోతాయి. తాత పేరు చెప్పుకుని ఒక ఆల్ఫా లెక్క వేస్తే, అసలు బయటపడేవి ఆరు. ఆ వంశంలో థోరాన్ అనే వాయువు ఒకటి ఉంది, అర్ధాయువు 55 సెకన్లు. గట్టి రేణువులో పుట్టిన థోరాన్‌లో చాలా భాగం లోపలే చచ్చిపోతుంది. బయటపడినది కూడా గాలిలో ఎంతో దూరం పోదు. కానీ దాని సంతానం సీసం-212 పదిన్నర గంటలు ఉంటుంది. దుమ్ముకు అంటుకుని ఊపిరితో లోపలికి పోగలదు, దాని తర్వాతి తరం అక్కడే ఆల్ఫాను వదులుతుంది. ఆల్ఫాను కాగితం ఆపుతుంది, చర్మం ఆపుతుంది. ఊపిరితిత్తి లోపల ఆపేది ఏదీ లేదు. అందుకని అడగాల్సింది రేణువు ఒడ్డున పడి ఉందా, నలిగి దుమ్మయిందా, యాసిడ్‌లో కరిగిందా అని. 1,400 కోట్ల ఏళ్లు ఈ మూడింటికీ ఒకటే, మనిషికి అందే మోతాదు మాత్రం కాదు.

కరిగించినప్పుడు ఇంకొకటి జరుగుతుంది. రేడియం-228 థోరియం పిల్లే అయినా రసాయనపరంగా వేరే మూలకం. థోరియం ఒక దారిన, రేడియం మరో దారిన పోతాయి. వేరుచేసిన థోరియంలో థోరియం-228 కూడా ఉంటుంది. దాని అర్ధాయువు 1.9 ఏళ్లు. దాన్ని మళ్లీ నింపాల్సిన రేడియం అక్కడ లేదు, 5.75 ఏళ్ల అర్ధాయువుతో మెల్లగా పుట్టాలి. అందువల్ల వేరుచేసిన థోరియంలోని థోరియం-228 రేడియోధార్మికత మొదట తగ్గి, నాలుగైదేళ్లకు మొదట ఉన్నదాంట్లో సగం కంటే కిందికి దిగి, తర్వాత దశాబ్దాల పాటు మళ్లీ పెరుగుతుంది. ఫోన్లలో అంకెతో పాటు ఒక ఫోటో తిరుగుతోంది. థోరియం డబ్బా, పక్కన మీటరు, "చూడండి ఎంత తక్కువో" అని రాత. డబ్బాలోది ఎప్పుడు వేరుచేశారో, రీడింగ్ ఎప్పుడు తీశారో అందులో లేదు. వేరుచేసిన రేడియం ఎటు పోయిందో కూడా లేదు.