"మా తమ్ముడికేమండీ, గుండ్రాయిలా ఉన్నాడు!"

సీ డిఫ్ అనే పేగు బాక్టీరియాతో విరేచనాలు పదేపదే తిరగబెట్టినవాళ్లకి మల మార్పిడి గురించి, అంటే ఆరోగ్యంగా ఉన్న దాత మలాన్ని పేగులోకి ఎక్కించడం గురించి చెప్పగానే ఇంటివాళ్లు అనే మొదటి మాట ఇది. ఆ వెనకే ఇంకోటి: "వీడియోలో చూశామండీ, ఎనిమా డబ్బాతో ఇంట్లోనే ఎక్కించుకోవచ్చట." దయచేసి ఆ పని చేయకండి. ప్రాణం మీదకి తెచ్చే అపోహ ఇదే.

రావులపాలెం వైపు నుంచి ఒకావిడ వచ్చారు. పంటి చీముకి క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ వాడాక రోజుకి పదిసార్లు నీళ్ల విరేచనాలు. వాంకోమైసిన్ వేస్తే తగ్గడం, ఆపిన రెండు వారాలకి మళ్లీ మొదలవడం. ఇలా మూడుసార్లు అయ్యాక ఆవిడ అన్నం చూస్తేనే భయపడిపోతున్నారు. చేలో తుంగ లాంటిదే ఇదీ. పైన కోస్తే పోతుంది, గడ్డ కిందే ఉంటుంది. మందు సూక్ష్మజీవిని చంపుతుంది, దాని బీజాలు మాత్రం పేగులో మిగిలిపోతాయి. పేగులోని మంచి బాక్టీరియా పైత్యరస లవణాలను మార్చి సీ డిఫ్‌ను ఎదగనివ్వదు. యాంటీబయాటిక్‌తో ఆ కాపలా పోయింది. దాత మలంతో మనం తిరిగి నాటేది ఆ కాపలానే.

ఆవిడ తమ్ముడు రొయ్యల చెరువుల మీద పనిచేస్తాడు, దిట్టమైన మనిషి. హెచ్‌ఐవీ, హెపటైటిస్, సిఫిలిస్ అన్నీ నెగెటివ్. మల పరీక్షలో మాత్రం చాలా మందులకి లొంగని ఈఎస్‌బీఎల్ ఈ.కోలై అనే బాక్టీరియా పెరిగింది. అతనికి దానివల్ల ఏ ఇబ్బందీ లేదు. ఆ పరీక్ష చేయని దాత మలం వల్ల అమెరికాలో రోగనిరోధక శక్తి తగ్గిన ఇద్దరికి ఇదే రకం ఇన్ఫెక్షన్ సోకిందని, వారిలో ఒకరు చనిపోయారని 2019లో అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మూడు నెలల్లో యాంటీబయాటిక్ వాడినవాళ్లని అసలు తీసుకోం. మొదట లేదన్న తమ్ముడే తర్వాత గుర్తుచేసుకున్నాడు: "జ్వరానికి షాపులో ఇచ్చినవి వేసుకున్నానండీ, అయిదు రోజులే." అందుకే ఒకే ప్రశ్న రెండుమూడు రకాలుగా అడుగుతాం, విసుక్కోకండి.

చివరికి అక్కగారబ్బాయి అన్ని పరీక్షల్లోనూ నెగ్గాడు. వాంకోమైసిన్ రెండు రోజుల ముందు ఆపాం. అతనిచ్చిన తాజా మలంలో యాభై గ్రాములు సెలైన్‌లో కలిపి, వడకట్టి, ఆరు గంటల్లోపే కొలనోస్కోపీతో పెద్దపేగు మొదట్లో వదిలాం. అందరికీ ఒకేసారితో తగ్గుతుందనీ చెప్పను. 2013లో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనంలో 16 మందిలో 13 మందికి మొదటిసారే నయమైంది. మిగతా ముగ్గురికి రెండోసారి చేయాల్సొచ్చింది, వారిలో ఇద్దరికి నయమైంది.

బ్లడ్ గ్రూప్ కలవాలా? అక్కర్లేదు. రుచి, వాసన తెలుస్తాయా? తెలియవు. గ్యాస్‌కీ, లావుకీ ఇదే చేయమంటే చేయను.

నెల తర్వాత ఆవిడ ఫోన్. ఎవరో చెప్పారని మల పరీక్ష చేయించుకుంటే సీ డిఫ్ పాజిటివ్ వచ్చిందట, ఏడుస్తున్నారు. విరేచనాలు లేనప్పుడు ఆ పరీక్షే చేయించకూడదు. తగ్గిన తర్వాత కూడా కొందరిలో అది కొన్నాళ్లు కనిపిస్తుంది.

"ఎన్నిసార్లు అవుతోందమ్మా?"

"రోజుకొకసారేనండీ."

"గట్టిగానేనా?"

"ఆయ్, గట్టిగానేనండీ."

"అయితే ఆ రిపోర్టు పక్కన పెట్టేసి అన్నం తినండి."