గెలిచేవాడికి గేటెందుకు మూస్తారు? బుకీల లిమిట్ల మీద అపోహలు - వాస్తవాలు

బ్రిటన్‌లో ఒక బుక్‌మేకర్ కంపెనీ ట్రేడింగ్ డెస్క్‌లో కొన్నేళ్లు పనిచేశాను. ఫుట్‌బాల్ రేట్లు చూసుకోవడం, ఏ అకౌంటు నుంచి ఎంత పందెం తీసుకోవాలో తేల్చడం నా పని. ఇక్కడి తెలుగువాళ్లు నా పని సంగతి తెలియగానే అడిగేది ఒకటే: "అన్నా, 100 పౌండ్లు పెడతానంటే యాప్ 2 పౌండ్లే తీసుకుంటానంటోంది, ఇదేం అన్యాయం?" దాని గురించే ఈ పోస్టు. ఇదంతా బ్రిటన్‌లో లైసెన్సుతో నడిచే వ్యాపారం సంగతి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. అక్కడ చాటుగా నడిచే యాప్‌లకు ఈ లెక్కలు వర్తిస్తాయనుకోకండి.

అపోహ: ఎక్కువ డబ్బు గెలిస్తే లిమిట్ పడుతుంది

నేను లిమిట్ పెట్టిన వాళ్లలో నష్టాల్లో ఉన్నవాళ్లూ ఉన్నారు. నమ్మడం కష్టమే గానీ, అసలు కీలకం ఇక్కడే ఉంది.

ఒక అకౌంటును పరిశీలించేటప్పుడు నేను ముందు చూసేది అతను ఎంత గెలిచాడని కాదు. ఏ రేటుకి పందెం కాశాడు, మ్యాచ్ మొదలయ్యేసరికి ఆ రేటు ఎక్కడికి చేరింది అన్నది. ఆట మొదలయ్యే ముందు ఉండే చివరి రేటును క్లోజింగ్ రేటు అంటాం. అప్పటికి జట్టు కూర్పు, గాయాలు, వాతావరణం, పెద్ద చేతుల డబ్బు అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి కాబట్టి, అసలు అవకాశాలకు దగ్గరగా ఉండే అంచనా అదే.

లెక్క చూపిస్తాను. ఒక మ్యాచ్‌లో మూడు లేదా అంతకన్నా ఎక్కువ గోల్స్ పడతాయన్న పందేనికి ఉదయం మా రేటు 2.10. అంటే 1 పౌండు పెట్టి గెలిస్తే 2.10 చేతికొస్తాయి. సాయంత్రానికి పెద్ద మార్కెట్‌లో ఆ రేటు 1.85కి పడింది, అన్ని గోల్స్ పడవన్న పందెం రేటు 2.05కి చేరింది. ఆ రెండు రేట్లలోంచి బుకీ తన లాభం కోసం కలుపుకునే మార్జిన్ తీసేస్తే, మూడు గోల్స్ పడే అవకాశం సుమారు 52.6 శాతం అని తేలుతుంది. 52.6 శాతం అవకాశం ఉన్నదాన్ని 2.10కి కొన్నవాడికి ప్రతి 100 పౌండ్ల మీద సగటున 10 పౌండ్ల లాభం. అది మా జేబులోంచి పోయేదే.

ఒకతను ఇలాంటి రేట్లకే 50 పౌండ్ల చొప్పున 20 పందేలు కాశాడనుకోండి. 8 గెలిచాడు, 12 ఓడాడు. పెట్టింది 1000, వచ్చింది 840. అంటే 160 పౌండ్లు పోగొట్టుకున్నాడు. అయినా అతని అకౌంటుకి లిమిట్ పడుతుంది. 20 పందేల్లో అదృష్టం ఎటైనా పోవచ్చు. కానీ ఇరవైకి ఇరవైసార్లూ అతను కాశాక రేటు పడిందంటే, అది అదృష్టం పని కాదు.

దీనికి మా దగ్గర ఉండేది స్టేక్ ఫ్యాక్టర్ అనే అంకె. కొత్త ఖాతాదారుడికి 1 ఉంటుంది. దాన్ని 0.02 చేస్తే, మామూలుగా 1000 పౌండ్లు తీసుకునే పందెం మీద అతనికి 20 పౌండ్లే అనుమతి. అకౌంటు మూసేయం, ఉత్తరం రాయం. అతను పందెం పెట్టబోయినప్పుడే తెలుస్తుంది.

దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది. ఐదూ నెగ్గితేనే డబ్బొచ్చేలా ఐదు మ్యాచ్‌లు కలిపి 10 పౌండ్లతో కాసినవాడు వేల పౌండ్లు కొట్టుకుపోతాడు. అతని ఫ్యాక్టర్ జోలికి వెళ్లం. పైగా తర్వాతి వారం ఫ్రీ బెట్ కూడా అందుతుంది! ఎందుకంటే ఒక్కో మ్యాచ్ మీద మా మార్జిన్ 5 శాతమైతే, ఐదు కలిపేసరికి ఖాతాదారుడికి 100కి సగటున తిరిగొచ్చేది 77 పౌండ్లే. ఇవాళ పట్టుకెళ్లినవాడు అదే పద్ధతిలో కాస్తూ పోతే డబ్బు తిరిగి మాకే చేరుతుంది.

అపోహ: బుకీ రెండు వైపులా డబ్బు సమానం చేసి కమీషన్ తింటాడు, ఎవరు గెలిస్తే అతనికేంటి?

సినిమాల్లో ఉండే బుకీ అతను. వారానికి వేల మ్యాచ్‌లు, ఒక్కో మ్యాచ్‌కి వందకు పైగా రకాల పందేలు పెట్టే కంపెనీలో అన్ని చోట్లా రెండు వైపులూ సమానం కావడం కుదరని పని. మేం సగటును నమ్ముకుంటాం. చాలా రేట్లు మేం సొంతంగా కట్టేవి కూడా కాదు. పిన్నకిల్ లాంటి బుకీలోనో, జనం ఒకరితో ఒకరు కాసుకునే బెట్‌ఫెయిర్ ఎక్స్ఛేంజీలోనో కదిలే రేటును చూసి దాని పక్కన మా మార్జిన్ చేర్చి పెట్టేవే. అక్కడ కదిలి, మా దగ్గర ఇంకా కదలని ఆ కొద్ది నిమిషాలే మాకు గండం. నిలకడగా గెలిచేవాళ్లలో ఎక్కువమంది జోస్యం చెప్పేవాళ్లు కాదు, మా పాత రేటును మాకన్నా ముందు పసిగట్టేవాళ్లు.

అలాంటివాడు 1000 పౌండ్లు 10 శాతం లాభానికి కాస్తే మాకు సగటున 100 పోతుంది. దాన్ని పూడ్చాలంటే 5 శాతం మార్జిన్‌తో మామూలు జనం 2000 పౌండ్లు కాయాలి. ఆ జనాన్ని రప్పించడానికి ప్రకటనలు, బోనసులు, పన్ను అన్నీ ఆ 5 శాతంలోంచే పోవాలి. కాబట్టి కంపెనీ అమ్మేది సరైన రేటు కాదు, శనివారం సాయంత్రపు కాలక్షేపం. రేటు చూసి కొనేవాడు ఆ దుకాణానికి ఖాతాదారుడే కాదు.

అపోహ: గెలిచేవాళ్లను ఏ బుకీ భరించలేడు

1998లో మొదలైన పిన్నకిల్ గెలిచేవాళ్లను ఆహ్వానిస్తామని బాహాటంగా చెప్పుకుంటుంది. అది దానం కాదు. తెలివైనవాడి పందెం వాళ్లకు సమాచారం. అది రాగానే రేటు సవరించుకుని, మిగతావాళ్లకు సరైన రేటు అమ్ముతారు. తక్కువ మార్జిన్, పెద్ద టర్నోవర్ ఉంటేనే అది సాధ్యం. బోనసులు పంచే దుకాణానికి ఆ పద్ధతి నప్పదు.

ఎక్స్ఛేంజీలోనైనా గెలిచేవాడికి పూర్తి స్వేచ్ఛ దొరికిందా అంటే అదీ లేదు. బెట్‌ఫెయిర్ 2008లో బాగా గెలిచేవాళ్ల మీద ప్రీమియం చార్జీ తెచ్చింది, 2011లో అతి లాభదాయకమైన అకౌంట్లకు దాన్ని 60 శాతం దాకా పెంచింది. ఓడేవాళ్ల డబ్బు కొద్దిమంది చేతుల్లోకి వేగంగా పోతే, ఆడటానికి మిగిలేదెవరు?

అపోహ: ఇది చట్టవిరుద్ధం

బ్రిటన్‌లో కాదు. ఏ పందెం తీసుకోవాలో, ఎంతకు తీసుకోవాలో బుకీ ఇష్టం. తీసుకున్న పందేనికి డబ్బు ఎగ్గొడితే మాత్రం తప్పు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ మాత్రం 2014లో గుర్రప్పందేలకు కనీస పందెం నియమం పెట్టింది. అమెరికాలో మసాచుసెట్స్ గేమింగ్ కమిషన్ 2024 మేలో ఈ లిమిట్ల మీద చర్చకు పిలిస్తే చాలా కంపెనీలు మొహం చాటేశాయి, సెప్టెంబరులో గానీ వచ్చి కూర్చోలేదు. నన్నడిగితే లిమిట్ పెట్టడం తప్పనను. గెలిచేవాడికి 2 పౌండ్ల గేటు పెట్టి, ఓడేవాడికి మాత్రం ఎంతైనా పెట్టుకొమ్మని ప్రకటనలిచ్చే తీరు నాకు నచ్చదు.

అపోహ: ఫ్రెండు పేరు మీద ఇంకో అకౌంటు తెరిస్తే సరి

డబ్బిస్తాం, నీ పేరు మీద అకౌంటు తెరిచివ్వమని ఇక్కడి మన విద్యార్థుల్ని అడిగేవాళ్లున్నారు. ఒప్పుకోకండి. నిబంధనలు ఉల్లంఘించారని గెలిచిన డబ్బు ఆపేస్తారు, బ్యాంకుకి సమాధానం చెప్పుకోవాల్సింది మీరు. దొరకడం కూడా సులువే. ఫోను, ఐపీ, కార్డు వివరాలు చూడకముందే పందెమే పట్టిస్తుంది. కొత్తగా చేరిన కుర్రాడి మొదటి పందెం మాంచెస్టర్ యునైటెడ్ మీద 10 పౌండ్లు అయితే ఎవరూ తల తిప్పరు. మంగళవారం ఉదయం నార్వే రెండో డివిజన్ మ్యాచ్ మీద, మా రేటు పాతబడిన మూడో నిమిషంలో 437 పౌండ్లు అయితే, ఆ కుర్రాడికి రెండో పందెం 1000 పౌండ్ల మీద కాయడం కుదరదు.