"చూద్దాం" అనే బాస్ దగ్గర నిర్ణయం రాబట్టడం: అపోహలు - వాస్తవాలు

పదిహేనేళ్ళుగా ప్రాజెక్టులు నడుపుతున్నాను. నా పనులు ఆగిపోయిన సందర్భాలు గుర్తు చేసుకుంటే, సాంకేతిక చిక్కుల వల్ల ఆగినవాటి కంటే పైన తేలకుండా ఉండిపోయిన నిర్ణయాల వల్ల ఆగినవే ఎక్కువ. కేకలు వేసే బాస్‌తోనైనా నెట్టుకురావచ్చు. ఏది అడిగినా "చూద్దాం" అని పక్కన పెట్టేవారితోనే అసలు కష్టం. అలాంటి ఒకరి దగ్గర నాలుగేళ్ళు పనిచేశాను. ఇక్కడ రాసేదంతా ఎక్కువగా ఆయన దగ్గర నేర్చుకున్నదే.

అపోహ: బాస్ తీరు కనిపెట్టి నడుచుకోవడమంటే కాకా పట్టడమే.

కాకా పట్టేవారు బాస్ వినాలనుకున్న మాట చెబుతారు. నేను చెప్పేది, ఆయనకు నచ్చని మాటను కూడా ఆయన వినగలిగే రూపంలో చెప్పడం గురించి. మీరు చేస్తున్నది ఏదో తేల్చుకోవాలంటే, ఆయనకు చివరిసారి చెడ్డ వార్త ఎప్పుడు చెప్పారో గుర్తు చేసుకోండి. గుర్తు రాకపోతే అది కాకాయే.

అపోహ: నిర్ణయం తేల్చని బాస్‌కు ధైర్యం లేదు.

నేనూ చాలాకాలం ఇలాగే అనుకున్నాను. భోజన విరామాల్లో అలా అనుకోవడంలో ఒక సుఖం కూడా ఉంది. కానీ ఆలస్యానికి కారణాలు వేరువేరుగా ఉంటాయి, మందు కూడా దాన్ని బట్టే మారుతుంది.

కొన్నిసార్లు ఆ నిర్ణయం ఆయన చేతిలోనే ఉండదు. "మాట్లాడి చెబుతాను" అంటారు, ఎవరితోనో చెప్పరు. అప్పుడు ఆయనను తొందరపెట్టి లాభం లేదు, ఆయన పై వారికి చూపించుకోవడానికి పనికొచ్చే కాగితం తయారు చేసి ఇవ్వాలి. కొన్నిసార్లు మనం ఏమి అడుగుతున్నామో ఆయనకు స్పష్టంగా ఉండదు. "బాగుంది, కానివ్వండి" అంటారు, సంతకం మాత్రం రాదు. ఇక మూడోది భయం. ఒక ప్రశ్నకు జవాబిస్తే ఇంకో ప్రశ్న, దానికీ జవాబిస్తే మరొకటి వస్తుంటే, ఆయనకు కావలసింది సమాచారం కాదని అర్థం. తేడా వస్తే తన మీదికి ఏమి వస్తుందో ఆయన లెక్క వేసుకుంటున్నారు.

మా గోదాముల్లో సరుకు లెక్క చూసే సాఫ్ట్‌వేర్ మార్చాల్సి వచ్చినప్పుడు నాకు ఎదురైంది ఈ మూడో రకం. మొత్తం 12 గోదాములు. పాత సరఫరాదారుతో ఒప్పందం మార్చి 31తో ముగుస్తుంది. వద్దనుకుంటే 60 రోజుల ముందు, అంటే జనవరి 30 లోపు నోటీసు ఇవ్వాలి. లేకపోతే ఒప్పందం దానంతటదే ఇంకో ఏడాది సాగుతుంది. నేను నవంబరులోనే 22 పేజీల రిపోర్టు ఇచ్చాను. ఖర్చు ఎంత తగ్గుతుందో పట్టికలతో సహా ఉంది. "చూద్దాం" అన్నారు. డిసెంబరు మధ్యకల్లా మూడు మెయిళ్ళు, రెండు మీటింగులు అయ్యాయి. ప్రతిసారీ ఒక కొత్త సందేహమే మిగిలింది.

అప్పుడు ఒక పని చేశాను. అంతకుముందు ఏడాదిన్నరలో ఆయనను అడిగిన 11 విషయాలను ఒక కాగితం మీద రాసుకున్నాను. ఏ రూపంలో అడిగాను, ఆయన మొదట అడిగిన ప్రశ్న ఏమిటి, ఎన్ని రోజులకు తేలింది, ఇంతే. పెద్ద పరిశోధనేమీ కాదు, అరగంట పని. కానీ చూస్తే ఆశ్చర్యం వేసింది. ఎనిమిదింటిలో ఆయన మొదటి ప్రశ్న ఖర్చు గురించి కాదు. "తేడా వస్తే మళ్ళీ పాతదానికి రాగలమా?" అనో, "ఫైనాన్స్ వాళ్ళు చూశారా?" అనో అడిగారు. కారణం తర్వాత తెలిసింది. నేను చేరకముందు ఆయన ఆమోదించిన ఒక మార్పు వల్ల రెండు రోజులు సరుకు కదలలేదు. దానికి సమాధానం చెప్పుకోవలసి వచ్చింది ఆయనే. ఆయన పై వారు ఇప్పటికీ ఆయనను కొలిచేది పని ఆగిందా లేదా అన్న ఒక్క విషయంతోనే. నేనేమో 22 పేజీల్లో పొదుపు గురించి రాశాను! పాత సాఫ్ట్‌వేర్‌కు తిరిగి వెళ్ళే దారి 19వ పేజీలో ఉంది.

మళ్ళీ రాశాను, ఒక్క పేజీ. మొదటి వాక్యంలో ఏ నిర్ణయం కావాలో, ఏ తేదీలోపు కావాలో. రెండో వాక్యంలో ఆ తేదీ దాటితే ఏమవుతుందో. ఆ తర్వాత, ముందు రెండు గోదాముల్లోనే మొదలుపెట్టి నాలుగు వారాలు పాత సాఫ్ట్‌వేర్‌ను పక్కనే నడుపుతామని, లెక్కల్లో తేడా కనిపిస్తే అదే రోజు పాతదానికి వస్తామని, ఆ నిర్ణయం ఎవరు తీసుకుంటారో కూడా రాశాను. ఫైనాన్స్ వారికి ముందే చూపించి, వారి అభ్యంతరం ఒకటి ఉంటే దాన్ని కూడా చేర్చాను. పొదుపు అంకె చివరి పంక్తిలోకి వెళ్ళింది. రెండు రోజుల్లో ఆమోదం వచ్చింది. కాకపోతే రెండు గోదాములు అన్నదాన్ని ఒకటి చేశారు. వాదించలేదు. ఆ మార్పుతో అది ఆయన ప్రణాళిక కూడా అయింది.

అపోహ: వివరాలు ఎంత ఎక్కువ ఇస్తే నిర్ణయం అంత త్వరగా వస్తుంది.

పై కథలో సగం జవాబు ఉంది. మిగతా సగం, వివరాలు ఏ దారిలో చేరాలన్నది. కొందరు చదివి అర్థం చేసుకుంటారని, కొందరు వినడం ద్వారా అర్థం చేసుకుంటారని మేనేజ్‌మెంట్ రచయిత పీటర్ డ్రకర్ చెప్పిన తేడా నాకు రోజూ పనికొస్తుంది. చదివేవారికి ముందురోజే కాగితం పంపి, మర్నాడు మాట్లాడాలి. వినేవారికి ముందు నోటితో చెప్పి, తర్వాత రాసి పంపాలి. మీ బాస్ ఏ రకమో తెలుసుకోవాలంటే గమనించండి. మీటింగులో కాగితం చేతికివ్వగానే తల వంచి చదవడం మొదలుపెట్టి మీ మాట వినకపోతే ఆయన చదివే మనిషి. కాగితం బల్ల మీద పెట్టేసి "ఇంతకీ విషయం ఏమిటి?" అంటే వినే మనిషి. మెయిల్‌కు జవాబు ఇవ్వకుండా ఫోను చేసేవారు కూడా ఈ రెండో రకమే.

అపోహ: గుర్తు చేస్తూ ఉంటే ఎప్పటికైనా తేలుతుంది.

"ఆ విషయం ఏమైందండీ?" అన్న మెయిల్‌కు "చూస్తున్నాను" అన్నది పూర్తి జవాబే. గుర్తు చేసిన ప్రతిసారీ ఒక కొత్త సంగతి ఉండాలి. దగ్గరపడిన గడువో, తీరిన సందేహమో, లేదా అవును, కాదు అనగలిగేంత చిన్నగా విడదీసిన ప్రశ్నో.

"మీరు వద్దనకపోతే శుక్రవారం మొదలుపెడతాను" అని రాసే పద్ధతి చాలామంది చెబుతారు. వెనక్కి తీసుకోగల చిన్న పనులకు అది బాగా పనిచేస్తుంది. నేను ఒకసారి దాన్ని ఖర్చుతో కూడిన విషయంలో వాడాను. ఆయన ఆ మెయిల్ చూడనే లేదు. తర్వాత మూడు నెలలు నా ప్రతి కాగితాన్నీ రెండుసార్లు చదివారు. సంతకం అవసరమైన చోట మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోకూడదు.

అపోహ: తీరు పట్టుకుంటే ఏ బాస్‌తోనైనా పని జరుగుతుంది.

జరగదు. అంకెలు దాచమనేవారి దగ్గర, నలుగురిలో అవమానించేవారి దగ్గర ఇవేవీ పనిచేయవు, అక్కడ వీటిని ప్రయత్నించకూడదు కూడా. రాతపూర్వకంగా ఆధారాలు పెట్టుకుని సిబ్బంది విభాగానికి వెళ్ళాలి, లేదా వేరే చోటు చూసుకోవాలి. ఇక మామూలు కష్టమైన బాస్ విషయంలోనూ ఒక ఇబ్బంది ఉంది. పై వారు మారినా, ఆ ఏడాది లక్ష్యాలు మారినా ఆయన భయాలు కూడా మారతాయి. అందుకే ఆ 11 వరుసల కాగితాన్ని నేను పారేయలేదు. ఆయన వేరే విభాగానికి వెళ్ళేనాటికి అందులో 40 వరుసలు ఉన్నాయి, చివరి పది వరుసల్లో ఆయన మొదటి ప్రశ్న ఖర్చు గురించే.