చనిపోయే కెర్నెల్ తన మరణాన్ని తానే రాయగలదా? సర్వర్ రీబూట్ సాక్ష్యాల వెనుక కథ

అర్ధరాత్రి దాటాక ఒక లినక్స్ సర్వర్ దానంతట అదే రీబూట్ అవుతుంది. ఉదయం వచ్చిన అడ్మిన్ `journalctl -b -1 -e` అని కొట్టి, అంతకుముందు బూట్‌లోని చివరి వరుసలు చూస్తాడు. అక్కడ ఏదో మామూలు క్రాన్ పని మొదలైనట్టు ఒక వరుస ఉంటుంది, ఆ తర్వాత ఏమీ ఉండదు. లాగ్‌లో తప్పు కనిపించలేదు కాబట్టి కరెంటు పోయి ఉంటుందని తేల్చేయడం చాలాచోట్ల జరిగే పని. కానీ ఆ ఖాళీకి రెండు అర్థాలున్నాయి. ఒకటి, నిజంగానే కెర్నెల్‌కు ఏమీ తెలియకుండా యంత్రం ఆగిపోయి ఉండవచ్చు. రెండు, కెర్నెల్ చివరి మాట చెప్పినా దాన్ని డిస్కు మీద రాసేవారు లేకపోయి ఉండవచ్చు. జర్నల్ సేవ మామూలు సందేశాలను అయిదు నిమిషాలకోసారి డిస్కుకు ఖాయం చేస్తుంది. తీవ్రమైన వాటిని వెంటనే చేస్తుంది గాని, కెర్నెలే కుప్పకూలినప్పుడు ఆ సేవ కూడా దానితోపాటే ఆగిపోతుంది. పడిపోతున్నవాడి మాటను ఎవరు, ఎక్కడ రాసిపెట్టాలన్న ఈ చిక్కు యునిక్స్ అంత పాతది.

యునిక్స్‌కు ముందున్న మల్టిక్స్‌లో లోపాల నుంచి కోలుకునే కోడు చాలా పెద్ద భాగాన్ని ఆక్రమించేది. యునిక్స్‌ను రాసినవారు దాన్నంతా వదిలేసి, `panic` అనే ఒకే రొటీన్ పెట్టుకున్నారు. అది నడిస్తే యంత్రం ఆగుతుంది, ఎవరో ఒకరు వెళ్లి మళ్లీ బూట్ చేస్తారు. అదే భవనంలో మనుషులు ఉన్నంతకాలం ఆ పద్ధతి సరిపోయింది. తర్వాత బీఎస్‌డీ యునిక్స్‌లో ఒక ఏర్పాటు వచ్చింది. ప్యానిక్ అయిన కెర్నెల్ తన మెమరీ మొత్తాన్ని స్వాప్ జాగాలోకి దించుతుంది, మళ్లీ బూట్ అయ్యేటప్పుడు `savecore` అనే ప్రోగ్రాము దాన్ని అక్కడి నుంచి తీసి ఫైలుగా దాస్తుంది. ఆ పేరులోని ‘కోర్’ పాతకాలపు అయస్కాంత వలయాల మెమరీ నుంచి వచ్చిన మాటే.

లినక్స్‌లో ఇది తేలిగ్గా కుదరలేదు. చెడిపోయిన కెర్నెల్ చేతికే డిస్కు డ్రైవర్‌ను అప్పగించి డంప్ రాయించడమంటే, అది తప్పు జాగాలో రాసి మంచి ఫైళ్లను కూడా పాడుచేయవచ్చు. 1999 ప్రాంతంలో ఎస్‌జీఐ తెచ్చిన ఎల్‌కేసీడీ, ఆ తర్వాత నెట్‌వర్క్ మీదుగా పంపే నెట్‌డంప్ ఈ అనుమానం నుంచి పూర్తిగా బయటపడలేదు. 2005లో 2.6.13 కెర్నెల్‌తో వచ్చిన కేడంప్ ప్రశ్ననే మార్చింది. నడుస్తున్న కెర్నెల్ నుంచి నేరుగా మరో కెర్నెల్‌ను బూట్ చేసే, ఎరిక్ బీడర్‌మన్ రాసిన కెక్సెక్ మీద ఆధారపడి, ఐబీఎం భారత విభాగపు ఇంజినీర్లు ప్రధాన పాత్ర వహించి దీన్ని తయారుచేశారు. బూట్ సమయంలోనే `crashkernel=256M` వంటి సూచనతో కొంత మెమరీని పక్కన పెట్టి, అందులో మరో చిన్న కెర్నెల్‌ను సిద్ధంగా ఉంచుతారు. మొదటి కెర్నెల్ పడిపోగానే బయోస్ జోలికి పోకుండా నేరుగా రెండోదానికి దూకుతారు. పాత మెమరీ చెక్కుచెదరకుండా ఉంటుంది, కొత్త కెర్నెల్ తన సొంత డ్రైవర్లతో దాన్ని `/var/crash` లోకి రాస్తుంది. సాక్షి, బాధితుడు వేరయ్యారు.

అయితే కేడంప్ పనిచేయాలంటే తప్పు జరిగిందని మొదటి కెర్నెల్ గుర్తించగలగాలి. కరెంటు సరఫరా ఒక్క క్షణం తెగినా, యంత్రం పలకనప్పుడు దాన్ని రీసెట్ చేసే వాచ్‌డాగ్ టైమర్ నేరుగా రీసెట్ తీగను లాగినా కెర్నెల్‌లో ఒక్క సూచన కూడా నడవదు. కేడంప్ సరిగ్గా ఉందని ముందే `echo c > /proc/sysrq-trigger` తో పరీక్షించి ఉంటే, `/var/crash` ఖాళీగా ఉండటం కూడా బలమైన సాక్ష్యమవుతుంది. పరీక్షించకపోతే ఆ ఖాళీకి ఏ విలువా లేదు. మరో చిన్న సంగతి చాలామంది గమనించరు. కేడంప్ లేకుండా `kernel.panic` విలువ 0 ఉంటే, ప్యానిక్ అయిన సర్వర్ రీబూట్ కాదు, అలాగే బిగుసుకుపోతుంది. అలాంటి యంత్రం తనంతట తాను లేచి నిలబడిందంటే అనుమానం ముందు వాచ్‌డాగ్ మీదికి, విద్యుత్ మీదికి పోవాలి.

హార్డ్‌వేర్ వైపు సాక్ష్యం వేరే దారిలో పెరిగింది. 1990ల్లో ఇంటెల్ పెంటియంతో మెషిన్ చెక్ అనే మినహాయింపు వచ్చింది. పెంటియం ప్రో నుంచి ప్రాసెసర్‌లోని ఒక్కో భాగానికి ఒక్కో లోపాల రిజిస్టర్ల గుంపు ఏర్పడింది. పవర్ తీయకుండా రీసెట్ చేస్తే వాటిలోని విలువ నిలుస్తుంది. అందుకే తర్వాతి బూట్ మొదట్లోనే `mce: [Hardware Error]` అన్న వరుస కనిపించవచ్చు. అది గత బూట్‌లో జరిగిన గాయం. పవర్ పూర్తిగా తీసేస్తే మాత్రం ఆ ఆనవాలు చెరిగిపోతుంది. కాబట్టి మొరాయించిన సర్వర్‌ను ప్లగ్ పీకి పెట్టే అలవాటు సాక్ష్యాన్ని తుడిచే పని. బోర్డు మీద స్వతంత్రంగా నడిచే బీఎంసీ అనే నిఘా చిప్పు రాసుకున్న ఘటనల పుస్తకం మాత్రం మిగులుతుంది. `ipmitool sel elist` ఇస్తే విద్యుత్ యూనిట్, వాచ్‌డాగ్, సరిచేయలేని ఈసీసీ లోపం వంటివి సమయంతో సహా అందులో దొరుకుతాయి.

ఇక ఈ హార్డ్‌వేర్ సాక్షులందరూ మౌనంగా ఉండే సందర్భం ఒకటుంది. మెమరీలో మారిన బిట్లను పసిగట్టి సరిచేసే ఈసీసీ లేని డెస్క్‌టాప్ బోర్డుతో కట్టిన ఒక చిన్న సర్వర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. పదిరోజుల్లో మూడుసార్లు పడిపోయింది. మెషిన్ చెక్ లేదు, కెర్నెల్ టెయింట్ గుర్తుల్లో మెషిన్ చెక్‌ను సూచించే M లేదు. కేడంప్ మాత్రం మూడు డంపులు ఇచ్చింది. మొదటిసారి డేటాబేస్, రెండోసారి బ్యాకప్, మూడోసారి నెట్‌వర్క్ పని నడుస్తుండగా పడింది. మూడు వేర్వేరు ఫంక్షన్లు, మూడు వేర్వేరు నిర్మాణాలు. పైకి చూస్తే పొంతన లేదు. `crash` సాధనంలో `log` చూస్తే మూడింటిలోనూ ఒకే రకపు వరుస ఉంది:

```
... non-canonical address 0xfbff888104a3c2c0
... non-canonical address 0xfbff88823d17e400
... non-canonical address 0xfbff888019b60a80
```

కెర్నెల్ చిరునామాల్లో పై 16 బిట్లూ ఒకట్లే, అంటే `ffff` అయి ఉండాలి. ఇక్కడ `fbff` ఉంది. `ff` కి, `fb` కి తేడా ఒక్క బిట్టే, అది 58వ బిట్టు. మూడుసార్లూ అదే. ఎనిమిది బైట్ల మాటలోని ప్రతి బిట్టూ మెమరీ మాడ్యూల్‌కు తనదైన తీగ మీదుగా పోతుంది కాబట్టి, సంబంధం లేని నిర్మాణాల్లో ఒకే స్థానపు బిట్టు తారుమారైతే అనుమానం ఒక చిప్పు మీద, లేదా దాని తీగ మీద నిలుస్తుంది.

ఒక్క బిట్టు మారినంత మాత్రాన హార్డ్‌వేర్ అని తీర్మానించకూడదు. విడిచిపెట్టిన మెమరీలో ఏదో డ్రైవర్ ఒక జెండాను తీసివేసినా ఇలాంటి మార్పే వస్తుంది. అప్పుడు మాత్రం తప్పు ఒకే రకం నిర్మాణంలో, ఒకే ఆఫ్‌సెట్ దగ్గర పదేపదే పడుతుంది, లేదా పడిన క్షణాన ఏ కోడు నడుస్తోందో చెప్పే `RIP` మూడు డంపుల్లోనూ ఒకే ఫంక్షన్‌ను చూపుతుంది. విడిచిపెట్టిన మెమరీని గుర్తు విలువతో నింపే స్లాబ్ పాయిజనింగ్‌ను ఆన్ చేసి ఉంటే, విడిచిపెట్టిన మెమరీని తిరిగి చదివినప్పుడు `6b6b6b6b6b6b6b6b` వంటి విలువలు కనిపిస్తాయి. ఆ జాడ కోడు తప్పును చూపుతుంది, చిప్పు తప్పును కాదు.

మన ఉదాహరణలో తర్వాతి అడుగు మెమ్‌టెస్ట్‌ను రాత్రంతా నడపడం. అది తప్పు చూపితే సరే. చూపకపోతే మాత్రం మెమరీకి మంచి కితాబు ఇచ్చినట్టు కాదు, ఎందుకంటే నిజమైన పనిభారపు వేడి, విద్యుత్ ఒడిదుడుకులు ఆ పరీక్షలో ఉండవు. అప్పుడు మాడ్యూల్‌ను వేరే యంత్రంలో పెట్టి చూడాలి. తప్పు దానితోపాటు వెళ్తే మాడ్యూల్, పాత యంత్రంలోనే ఉండిపోతే స్లాట్ లేదా ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్.

ఈ చరిత్రలో కొత్త ఘట్టం 2025లో వెలువడిన 6.16 కెర్నెల్‌లో ఉంది. ఏఎండీ జెన్ యంత్రాల్లో చిప్‌సెట్ దాచుకునే గత రీసెట్ కారణాన్ని అది బూట్ లాగ్‌లోనే ముద్రిస్తుంది. `dmesg | grep "reset reason"` అంటే చాలు. వాచ్‌డాగ్ లాగిందో, వేడి తీవ్రత వల్ల ఆగిందో, సాఫ్ట్‌వేరే రీసెట్ అడిగిందో అక్కడ తెలుస్తుంది. వాచ్‌డాగ్ మోగేదాకా కెర్నెల్ ఎందుకు పలకలేదన్నది మాత్రం ఆ వరుస చెప్పదు.