కుప్ప పాతబడితే చాలదు, వేడెక్కాలి: పెంట ఎరువుపై అపోహలు - వాస్తవాలు

అపోహ: పెంటకుప్ప ఆరు నెలలు పడి ఉంటే అదే మాగి మంచి ఎరువు అవుతుంది.

వాస్తవం: తాడేపల్లి, ఉండవల్లి వైపు ఆకుకూరలు వేసే రైతులు నాతో ఎక్కువగా అనే మాట ఇదే. పేడలో ఉండే ఈ.కోలై, కోళ్ల పెంటలో ఉండే సాల్మొనెల్లా లాంటి జబ్బు చేసే క్రిములు నమ్మకంగా చావాలంటే వేడి కావాలి. ఆరుబయట పేర్చిన కుప్పకి అమెరికా సేంద్రియ సాగు నిబంధన ఏం చెబుతుందంటే, లోపల 55 డిగ్రీల పైన 15 రోజులు ఉండాలి, ఆ రోజుల్లో కనీసం ఐదుసార్లు తిరగెయ్యాలి. నడిమధ్య 60 డిగ్రీలున్నా పైపొర చల్లగానే ఉంటుంది కదా, క్రిములు అక్కడ బతికే ఉంటాయి. కాబట్టి ఊరికే కెలికితే సరిపోదు, పైనున్నది లోపలికి పోవాలి.

ఈమధ్య ఒక రైతు రెండు తట్టల గేదె పేడకి ఒక తట్ట కోళ్ల పెంట, మూడు తట్టల తరిగిన వరిగడ్డి లెక్కన నాలుగడుగుల ఎత్తు కుప్ప వేశారు. మూడో రోజుకే బాగా కాగింది, కానీ తిరగేస్తుంటే కళ్లు మండేంత అమ్మోనియా వాసన. అంటే నత్రజని ఎక్కువైంది, అది గాల్లో కలిసిపోతోంది. ఇంకొంచెం గడ్డి కలిపితే తగ్గింది. తర్వాత వేడి 45కి పడిపోయింది. గుప్పెడు తీసి పిండి చూస్తే ముద్ద కట్టకుండా రాలిపోయింది, తడి చాల్లేదన్నమాట. పిండితే ముద్ద కట్టాలి, ఒకటి రెండు చుక్కలు మాత్రమే రావాలి. నీళ్లు చల్లి తిరగేశాక మళ్లీ 55 దాటింది, ఆ 15 రోజుల లెక్క మాత్రం మొదటి నుంచి పెట్టుకోమన్నాను. అదే వానాకాలంలో అయితే నీళ్లు ఎక్కువై కుళ్లు కంపు కొడుతుంది, అప్పుడు ఎండుగడ్డి వేసి గుల్లగా తిరగెయ్యాలి. ఇవన్నీ చేత్తో తాకి చెప్పలేం, పొడవాటి కడ్డీ ఉన్న థర్మామీటర్ కొనుక్కోండి.

అపోహ: కోళ్ల పెంట పచ్చిగా వేస్తేనే బలం.

వాస్తవం: అమ్మోనియాకి లేత వేళ్లు మాడిపోతాయి. క్రిముల సంగతికొస్తే, తినే భాగం నేలకి తగిలే పంటల్లో పచ్చి పెంట వేశాక కోతకి కనీసం 120 రోజులు ఆగాలని అదే నిబంధన. పాలకూర, తోటకూర నెలా నెలన్నరలో కోతకొచ్చేస్తాయి, ఇక వాటికి పచ్చి పెంట ఎలా వేస్తాం? అస్సలు వద్దు.

అపోహ: ఒకసారి కాగిందంటే ఇక టెన్షన్ లేదు.

వాస్తవం: పచ్చి పేడ ఎత్తిన పారతోనే మాగిన ఎరువు ఎత్తితే క్రిములు మళ్లీ అందులోకే చేరతాయి. కుప్ప మీద కోళ్లు తిరిగినా, పక్కనున్న పచ్చి కుప్ప మీద పడ్డ వాన నీళ్లు ఇటు పారినా అంతే. మాగిన కుప్పని మెరక మీద పెట్టి పట్టా కప్పండి, దానికి పార వేరే ఉంచండి. ఇంకో నెల అలాగే ఉంచి, తడి సరిగ్గా ఉండగా తిరగేసి చూడండి, మళ్లీ వేడెక్కిందంటే ఇంకా మాగలేదు. వేడెక్కకపోతే ఆ ఎరువు కొంచెం మట్టిలో కలిపి నాలుగు మెంతులు చల్లండి, మొలకలు పచ్చగా, నిటారుగా వస్తే మడిలో వేసుకోవచ్చు.