సందె వేళ గడియారం మాట వినదు: బయటి లైట్ల టైమర్లపై అపోహలు – వాస్తవాలు

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లకు, విల్లాలకు బయటి లైట్లు, వాటి టైమర్లు బిగించడం నా పని. ఏటా దసరా దగ్గరపడగానే ఒకే రకం ఫోన్లు వస్తాయి. "మీరు పెట్టిన టైమర్ వెనకబడుతోందండీ. చీకటి పడి ఎంతసేపైనా లైట్లు వెలగడం లేదు." మార్చిలో ఇలాంటి ఫోను ఒక్కటీ రాదు. ఎందుకు రాదో తెలిస్తే సగం అపోహలు వాటంతట అవే పోతాయి, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

అపోహ: టైమర్ గడియారం తప్పుతోంది.

ఇరవై ఏళ్ల కిందటి యాంత్రిక టైమర్లలో కరెంటు పోయినప్పుడల్లా గడియారం వెనకబడేది, నిజమే. ఇప్పటి డిజిటల్ టైమర్లో అంత తేడా రాదు. గడియారం ఉన్నచోటే ఉంది, కదిలింది సూర్యాస్తమయం.

నిరుడు ఒక కాలనీలో చూసిన సంగతి చెబుతాను. ప్రహరీ వెంట, లోపలి దారుల్లో కలిపి అరవై ఎల్‌ఈడీ లైట్లు. సాయంత్రం 6:15కు వెలగాలి, పొద్దున 6:00కు ఆరాలి అని ఎవరో ఎండాకాలంలో పెట్టి వెళ్లారు. అప్పుడు బాగానే ఉంది. అక్టోబరు 20 వచ్చేసరికి హైదరాబాద్‌లో సూర్యుడు 5:51కే అస్తమిస్తాడు. లైట్లు వెలిగేది ఆ తర్వాత ఇరవై నాలుగు నిమిషాలకు, అంటే మసక వెలుతురు కూడా పోయాక. వాచ్‌మన్ రోజూ స్టూలు ఎక్కి ప్యానెల్ బోర్డు తెరిచి, లైట్లకు కరెంటు కలిపే కాంటాక్టర్ పక్కనున్న స్విచ్చి చేత్తో వేస్తున్నాడు.

హైదరాబాద్ సూర్యాస్తమయాలు వరుసగా చూడండి. సెప్టెంబరు 1న 6:30, అక్టోబరు 1న 6:05, నవంబరు 1న 5:45. రెండు నెలల్లో ముప్పావుగంట ముందుకు. ఇక ఫిబ్రవరి 15న 6:17, మే 1న 6:36. ఈ రెండున్నర నెలల్లో కదిలింది ఇరవై నిమిషాల లోపే. సూర్యుడు ఉత్తరానికి వెళ్లినా దక్షిణానికి వెళ్లినా వేగం ఒక్కటే కదా, మరి ఇంత తేడా ఎందుకు?

ఇక్కడ రెండు కదలికలు కలిసి పనిచేస్తున్నాయి. ఒకటి పగలు పెరగడం, తరగడం. ఇది అందరికీ తెలుసు. రెండోది మధ్యాహ్నం జరగడం. సూర్యుడు నడినెత్తి దాటే క్షణం రోజూ ఒకే సమయానికి రాదు. హైదరాబాద్‌లో అది ఫిబ్రవరి నడుమ 12:30కు, నవంబరు మొదట్లో సరిగ్గా 12:00కు వస్తుంది. భూమి తిరిగే దారి గుండ్రంగా లేకపోవడం, దాని ఇరుసు వాలి ఉండడం దీనికి కారణాలు. సెప్టెంబరు, అక్టోబరుల్లో పగలు తరుగుతుంది, నడిమధ్యాహ్నం కూడా ముందుకు వస్తుంది. రెండూ సూర్యాస్తమయాన్ని ఒకే వైపు లాగుతాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పగలు పెరిగి సూర్యాస్తమయాన్ని ఆలస్యం చేయబోతుంది, కానీ నడిమధ్యాహ్నం ముందుకు జరిగి ఆ ఆలస్యాన్ని చాలావరకు తినేస్తుంది. అందుకే మార్చిలో నాకు ఫోన్లు రావు.

పొద్దుటి పూట ఇదంతా తలకిందులు. ఫిబ్రవరి 15న 6:42కు ఉదయించే సూర్యుడు మే 1కి 5:50కే వచ్చేస్తాడు. సెప్టెంబరు 1 నుంచి నవంబరు 1 దాకా మాత్రం తేడా పన్నెండు నిమిషాలే. ఎండాకాలంలో ఎండ పొడ మీద పడుతున్నా వెలుగుతూ ఉండే వీధి దీపాలు మీరూ చూసే ఉంటారు.

అపోహ: డిసెంబరు 21 అతి చిన్న పగలు కాబట్టి ఆనాటి సమయం పెడితే ఏడాదంతా సరిపోతుంది.

పగలు చిన్నదే. కానీ అన్ని రోజులకంటే ముందు చీకటి పడే రోజు అది కాదు. హైదరాబాద్‌లో సూర్యాస్తమయం అన్నిటికంటే తొందరగా వచ్చేది నవంబరు 20ల్లో, సుమారు 5:40కి. డిసెంబరు 21కి 5:47 అవుతుంది, సంక్రాంతి నాటికి 6:00 దాటుతుంది. సూర్యోదయం మాత్రం జనవరి మూడో వారం దాకా ఆలస్యమవుతూనే పోయి 6:50ని తాకుతుంది. అంటే సాయంత్రానికి గడ్డు కాలం కార్తీక మాసం, పొద్దుటికి సంక్రాంతి తర్వాతి వారం. ఒకే తేదీతో రెండింటినీ పట్టలేం.

"అయితే 5:30 నుంచి 6:45 దాకా పెట్టేయండి, ఎప్పుడూ చీకటి ఉండదు" అంటారు కొందరు. పెట్టవచ్చు. జులై మొదట్లో సూర్యాస్తమయం 6:55కు, సూర్యోదయం 5:46కు. ఆ అరవై లైట్లూ ఒక్కొక్కటి 15 వాట్లు అనుకుంటే, రోజూ రెండు గంటల ఇరవై నిమిషాలకు పైగా పగటి వెలుతురులో వెలిగి రెండు యూనిట్లకు కాస్త ఎక్కువ తింటాయి. ఎల్‌ఈడీలు వచ్చాక ఇది కాలనీ నడ్డి విరిచే ఖర్చేమీ కాదు, ఆదా పేరు చెప్పి మీకు కొత్త టైమర్ అమ్మే ఉద్దేశం నాకు లేదు. నా కంటికి నచ్చనిది పట్టపగలు వెలిగే దీపం. పైగా దాన్ని చూసినవాళ్లు ఎవరో ఒకరు వెళ్లి మెయిన్ స్విచ్చి ఆపుతారు, రాత్రికి మళ్లీ వేయడం మరచిపోతారు.

అపోహ: సూర్యాస్తమయానికి ముడిపెడితే చాలు, ఆఫ్‌సెట్ సున్నా ఉంచవచ్చు.

ఆఫ్‌సెట్ అంటే సూర్యాస్తమయానికి ఎన్ని నిమిషాల ముందు గానీ, తర్వాత గానీ లైటు వెలగాలన్న తేడా. సూర్యుడు దిగిపోగానే చీకటి పడదు. సూర్యుడు దిగంతానికి 6 డిగ్రీల కిందికి వెళ్లేదాకా బయట వస్తువులు కనిపిస్తాయి. మన దగ్గర దానికి 22 నుంచి 24 నిమిషాలు పడుతుంది, ఏ నెలలోనైనా దాదాపు అంతే. ఇది మన అక్షాంశం ఇచ్చిన సౌకర్యం. ఒకసారి సరైన ఆఫ్‌సెట్ పట్టుకుంటే ఏడాదంతా అదే పనిచేస్తుంది. లండన్‌లో ఉన్న మా మేనల్లుడు నేను చెప్పిన ఆఫ్‌సెట్ పెట్టుకుని, జూన్‌లో ఇంకా వెలుతురుండగానే లైట్లు వెలుగుతున్నాయని నవ్వాడు. అక్కడ ఆ సందె వెలుగు మార్చిలో అరగంటకు కాస్త ఎక్కువైతే, జూన్‌లో ముప్పావుగంట దాటుతుంది. అలాంటి చోట నిమిషాలు వదిలేసి, సూర్యుడు ఎన్ని డిగ్రీల కిందికి వెళ్లాడన్న లెక్కతో లైటు వెలిగించడం మేలు.

ఆఫ్‌సెట్ ఎంత పెట్టాలో నేను లెక్కల్లో వెతకను. ఒక సాయంత్రం వార్తాపత్రిక పట్టుకుని గేటు దగ్గర నిలబడతాను. చిన్న అక్షరాలు చదవడం కష్టమైన నిమిషం ఆ చోటికి సరైన సమయం. ఆరుబయట దారికి అది తరచూ సూర్యాస్తమయం తర్వాత పది, పన్నెండు నిమిషాలు. వేపచెట్టు కింద గానీ, రెండు బ్లాకుల మధ్య ఇరుకు సందులో గానీ అయితే సూర్యాస్తమయానికి పది నిమిషాల ముందే. అంటే ఒకే కాలనీకి రెండు ఆఫ్‌సెట్లు అవసరం కావచ్చు. గుర్తు మాత్రం జాగ్రత్త: మైనస్ అంటే ముందు, ప్లస్ అంటే తర్వాత. పొద్దున లైట్లు సూర్యోదయానికి పావుగంట ముందు ఆరాలంటే మైనస్ పెట్టాలి. ఇక్కడ పొరపాటు పడేవాళ్లు చాలామంది.

అపోహ: మన రాష్ట్రాలే కదా, ఊరు ఏదైనా ఒకటే.

విశాఖపట్నంలో హైదరాబాద్ కంటే సుమారు 19 నిమిషాల ముందే సూర్యుడు అస్తమిస్తాడు. గడియారం ఒకటే, రేఖాంశం వేరు. అందుకే సూర్యోదయాన్నీ, సూర్యాస్తమయాన్నీ తానే లెక్కగట్టే ఆస్ట్రో టైమరైనా, ఫోనుతో నడిచే స్విచ్చైనా ముందు అక్షాంశం, రేఖాంశం అడుగుతుంది. అడగని వాటితోనే చిక్కు. టాస్మోటా అనే సాఫ్ట్‌వేర్ ఉన్న స్విచ్చిలో ఏమీ మార్చకపోతే అందులో పారిస్ ఐఫిల్ టవర్ ఉన్నచోటు ఉంటుంది. సమయ మండలం మనది, చోటు పారిస్‌ది అయితే నవంబరులో లైట్లు రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతంలో వెలుగుతాయి. అలా కనబడితే టైమర్‌ను తిట్టకుండా, హైదరాబాద్‌లో అయితే ఈ మూడు ఆజ్ఞలు ఇవ్వండి:

```
Latitude 17.385
Longitude 78.487
Timezone +5:30
```

బోర్డులో బిగించే ఆస్ట్రో టైమర్‌ది వేరే తంటా. ఒకచోట లైట్లు ముప్పావుగంట ఆలస్యంగా వెలుగుతున్నాయంటే వెళ్లాను. అక్షాంశం, రేఖాంశం, గడియారం అన్నీ సరిగానే ఉన్నాయి. తెర మీద 04-11 అని ఉంది. ఆ రోజు నవంబరు 4. ఆ యంత్రం నెలను ముందు చదువుతుంది, అంటే దాని దృష్టిలో అది ఏప్రిల్ 11, సూర్యాస్తమయం 6:30 దాటాక.

అపోహ: చీకటిని పసిగట్టే సెన్సర్ ఉంటే ఇవేవీ అక్కర్లేదు.

మంచి చోట పెడితే పనిచేస్తుంది. దుమ్ము పట్టినా, మబ్బు కమ్మినా పగలే వెలిగిస్తుంది. తాను వెలిగించిన దీపం వెలుగే దాని మీద పడితే వెలిగిస్తూ, ఆర్పుతూ రాత్రంతా ఆట ఆడుతుంది.

అపోహ: ఒకసారి పెట్టాక ఇక దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

సూర్యాస్తమయపు ట్రిగ్గర్ ఒక్క క్షణం పాటు మోగే గంట లాంటిది. ఆ క్షణంలో కరెంటు లేకపోతే, కరెంటు వచ్చాక అది మళ్లీ మోగదు. గాలివాన సాయంత్రాల్లో 5:30కు పోయి ఎనిమిదికి వచ్చే కరెంటు ఈ లోపాన్ని బయటపెడుతుంది: ఇళ్లన్నీ వెలుగుతాయి, ప్రహరీ మాత్రం తెల్లవార్లూ చీకటి. దీనికి మందు, యంత్రం మేల్కొన్నప్పుడు కూడా "ఇప్పుడు సూర్యుడు కింద ఉన్నాడా?" అని అడిగించడం. ఇంటి స్విచ్చిలను నడిపించే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌లో నేను రాసేది ఇలా ఉంటుంది:

```yaml
triggers:
  - trigger: sun
    event: sunset
    offset: "00:10:00"
  - trigger: homeassistant
    event: start
conditions:
  - condition: state
    entity_id: sun.sun
    state: below_horizon
actions:
  - delay: "00:02:00"
  - action: switch.turn_on
    target:
      entity_id: switch.compound_lights
```

ఆ రెండు నిమిషాల విరామం స్విచ్చి వైఫైకి కలుసుకోవడానికి. ఇందులోనూ ఒక సందు ఉంది. పొద్దున సూర్యోదయానికి పావుగంట ముందు లైట్లు ఆరిపోతాయి కదా, ఆ పావుగంటలో కరెంటు పోయి వస్తే సూర్యుడు ఇంకా కిందే ఉంటాడు, లైట్లు వెలుగుతాయి, ఆర్పే గంట అప్పటికే మోగిపోయి ఉంటుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకు వెలుగుతున్న అరవై లైట్ల ఫోటో కాలనీవాళ్లు నాకు పంపాక ఇది తెలిసింది. అప్పటి నుంచి సూర్యోదయం తర్వాత అరగంటకు రెండోసారి కూడా ఆర్పమని చెబుతున్నాను.